స్టోయిక్కులు, సూరత్ ప్లేగు, నా పారిపోవటం

ఈమధ్య ఇద్దరు ముగ్గురు యువ మిత్రులు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "దేవుడు లేడన్నారు, తలరాత లేదన్నారు, జాతకం బూటకమన్నారు. బాగానే ఉంది. మరి నిజంగా కష్టం వచ్చి మీద పడ్డప్పుడు మీ హేతువాదులు దేన్ని పట్టుకుని నిలబడతారు?" అని. ప్రశ్న న్యాయమైనదే. దీనికి మనవాళ్ళు సాధారణంగా "ధైర్యంగా ఉండాలి" అని తేల్చేస్తారు. ధైర్యంగా ఉండాలని ఎవరికి తెలియదు? ఎలా ఉండాలో చెప్పాలి కదా.

నా మటుకు నాకు ఆ "ఎలా"కి కొంత జవాబు స్టోయిక్కుల దగ్గర దొరికింది. నేను తత్వశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు పరిశీలించి రిటైరయినవాణ్ణి. అంచేత నాకు అర్థమైన తీరులో, లెక్కల మనిషి భాషలోనే చెబుతాను. ముందుగా నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకుండా ఈ విషయం చెబితే పుస్తకం అప్పజెప్పినట్టు ఉంటుంది.

అది 1994 సెప్టెంబరు. నాకప్పుడు 34 ఏళ్ళు, పుణెలో ఉద్యోగం. సూరత్‌లో లింబాయత్‌లో మా అక్కా బావా ఉండేవారు. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి మగ్గం పని కోసం సూరత్ వచ్చిన వేలాది పద్మశాలీ కుటుంబాల్లో మాదీ ఒకటి. బావ మరమగ్గాల కార్ఖానాలో పని. నేను సెలవు పెట్టి వినాయక నిమజ్జనం చూడటానికి వచ్చాను. ఆ ఏడు వానలు విపరీతం. తాపీ నది పొంగి, దిగి, పల్లపు బస్తీల్లో బురదా చెత్తా మిగిల్చింది. నిమజ్జనమై మూడు నాలుగు రోజులు గడిచాయో లేదో, ఊళ్ళో జనం దగ్గుతో, జ్వరంతో చనిపోతున్నారని, అది ప్లేగని గుప్పుమంది.

ప్లేగులో రెండు రకాల గురించి మనకిక్కడ అవసరం. గజ్జల్లో, చంకల్లో గడ్డలు లేచేది ఒకటి. అది ఎలుకల మీద ఉండే పురుగులు కుట్టటంవల్ల వస్తుంది. ఊపిరితిత్తులకు పట్టేది రెండోది. అది దగ్గు తుంపరల ద్వారా, దగ్గరగా ఉన్న మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుతుంది. సూరత్‌లో వచ్చింది ఈ రెండోదని అన్నారు. అంటుకున్న తరువాత సాధారణంగా ఒకటి నుంచి నాలుగు రోజుల్లో బయటపడుతుంది. జ్వరం మొదలైన మొదటి రోజే సరైన యాంటీబయాటిక్ పడితే మనిషి బతికే అవకాశం బాగా ఉంటుంది. ఆలస్యమైతే దాదాపు లేదు. ఈ వివరాలన్నీ అప్పటి డాక్టర్లకు తెలుసు. పత్రికల్లోనూ ఏదో ఒక మూల వచ్చాయి. కానీ చదివే స్థితిలో ఎవరున్నారు?

సుమారు 15 లక్షల జనాభా ఉన్న నగరం నుంచి కొద్ది రోజుల్లో లక్షల మంది వెళ్ళిపోయారు. తక్కువ అంచనా వేసినవాళ్ళు కూడా మూడు లక్షలన్నారు. ప్రైవేటు డాక్టర్లు చాలామంది తలుపులు వేసుకుని పోయారు. టెట్రాసైక్లిన్ బిళ్ళలు షాపుల్లో మాయమయ్యాయి. తరువాత లెక్క తేలితే దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళు అరవై మందికి లోపే. అసలది ప్లేగేనా అని కూడా చాలా కాలం వాదోపవాదాలు జరిగాయి. ఆ రోజు మాత్రం మనకి ఆ లెక్క తెలియదు. ఇది గుర్తుంచుకోవాలి. తరువాత తెలిసిన అంకెలతో ముందు చేసిన పనిని తూచకూడదు. ఏ ఆడిటర్‌కైనా ఇది మొదటి పాఠం.

నేనేం చేశానంటే, పొద్దున్నే మందుల షాపుకి పోయి ఉన్న ఎనిమిది స్ట్రిప్పులూ కొనేశాను. అక్కకి రెండు ఇచ్చాను. ఆరు నా బ్యాగులో పెట్టుకున్నాను. అక్క అప్పుడు ఏడో నెల గర్భిణి. గర్భిణులకి టెట్రాసైక్లిన్ ఇవ్వకూడదన్న సంగతి కూడా నాకు తెలియదు. "బావా, పోదాం పదండి, అందరం వరంగల్ పోదాం" అన్నాను. బావ కదల్లేదు. పక్క గదిలో గంజాం నుంచి వచ్చిన ఒరియా కుర్రాళ్ళు ఆరుగురు ఉండేవారు. ఐదుగురు పారిపోయారు. ఆరోవాడు జ్వరంతో పడున్నాడు. "వీణ్ణి ఇట్ల ఇడిసిపెట్టి ఎట్ల పోతం బామ్మర్ది?" అన్నాడు బావ. నాకు కోపం వచ్చింది. "వాడు మనకేమవుతాడు?" అన్నాను. ఆ మాట నాకింకా చెవిలో ఉంది.

నేను ఒక్కణ్ణే స్టేషన్‌కి పోయాను. కిటికీల్లోంచి జనం దూరుతున్నారు. ఎలాగో నవజీవన్ ఎక్కాను. బండి పేరుకి అప్పుడు నవ్వు రాలేదు. వరంగల్లో దిగి అమ్మ దగ్గరకు చేరాను. ఇరుగుపొరుగు "ఎక్కణ్ణుంచి?" అంటే "పుణె నుంచి" అన్నాను. అమ్మకి కూడా అదే చెప్పాను. నాలుగు రోజులు అదే గదిలో, అదే కంచంలో తిన్నాను. నాకేమీ రాలేదు. అమ్మకీ రాలేదు.

ఇప్పుడు స్టోయిక్కుల దగ్గరకు వద్దాం.

ఎపిక్టెటస్ అని క్రీస్తు శకం మొదటి, రెండో శతాబ్దాల మనిషి. బానిసగా పుట్టాడు, రోమ్‌లో బానిసగా ఉండగానే తత్వం నేర్చుకున్నాడు, విడుదలయ్యాడు. డొమీషియన్ చక్రవర్తి తత్వవేత్తలను వెళ్ళగొట్టినప్పుడు గ్రీసులో నికోపోలిస్‌కి పోయి బడి పెట్టుకున్నాడు. తనంతట తాను ఏమీ రాయలేదు. అరియన్ అనే శిష్యుడు రాసుకున్న నోట్సు మనకు మిగిలింది. అందులోంచే ఒక చిన్న చేతిపుస్తకం కూడా తయారుచేశాడు. ఆ చేతిపుస్తకం మొదటి మాటే ఏమిటంటే, లోకంలో ఉన్నవి రెండు రకాలు. మన చేతిలో ఉన్నవి, లేనివి. మన చేతిలో ఉన్నవి చాలా తక్కువ. మన అభిప్రాయం, మన పూనిక, మనం కోరుకోవటం, మనం వద్దనుకోవటం. శరీరం, ఆస్తి, పేరు, పదవి, ఇవేవీ పూర్తిగా మన చేతిలో లేవు.

ఇంతవరకు చాలామంది ఎక్కడో చదివే ఉంటారు. దీన్ని చదివి "ఓహో, భయపడకూడదన్నమాట" అనుకుంటారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇదే. నేనూ చేశాను. భయం వచ్చినప్పుడల్లా "నాకు భయం వేసింది, నేను పనికిరాను" అనుకునేవాణ్ణి. స్టోయిక్కులు చెప్పింది అది కానే కాదు.

దీనికి మంచి సాక్ష్యం ఉంది. ఔలస్ గెల్లియస్ అనే రోమన్ రచయిత, రెండో శతాబ్దం వాడు, గ్రీసు నుంచి ఇటలీకి ఓడలో వస్తుండగా తుఫాను పట్టుకుంది. ఆ ఓడలో పేరున్న స్టోయిక్ గురువు ఒకాయన ఉన్నాడు. గెల్లియస్ ఆయన మొహం వంకే చూస్తూ కూర్చున్నాడట, ఈయనెలా తట్టుకుంటాడో చూద్దామని. గురువుగారి మొహం కూడా తెల్లబోయింది. తుఫాను తగ్గాక ఒక డబ్బున్నాయన ఎగతాళి చేశాడు. ఆయన్ని ఒక మాటతో తోసిపుచ్చిన గురువు, గెల్లియస్ నిజాయితీగా అడిగేసరికి సంచిలోంచి ఎపిక్టెటస్ ప్రసంగాల ఐదో భాగం తీసి చూపించాడు. ఆ ఐదో భాగం తరువాత పోయింది. గెల్లియస్ రాసిపెట్టబట్టి మనకి ఆ ముక్క దక్కింది. దాని సారం ఇది. పెద్ద చప్పుడయితే, కూలుతున్నట్టు అనిపిస్తే, జ్ఞాని మనసు కూడా ఉలిక్కిపడుతుంది, రంగు మారుతుంది. అది బుద్ధి పని చేయకముందే జరిగిపోయే కదలిక. తేడా దాని తరువాత వస్తుంది. "ఇది నిజంగా ఘోరమే" అన్న తీర్పుకి అజ్ఞాని ఒప్పుకుంటాడు, జ్ఞాని ఒప్పుకోడు. సెనెకా కూడా కోపం గురించి రాసిన పుస్తకంలో ఇదే చెప్పాడు. మొదటి కదలిక మన చేతిలో లేదు, దానికి మనం ఇచ్చే సమ్మతి మన చేతిలో ఉంది.

లెక్కల ఆఫీసులో పనిచేసినవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. మా టేబుల్ మీదికి ఏ బిల్లు వస్తుందో మా చేతిలో లేదు. కాంట్రాక్టరు ఏదైనా రాసి పంపుతాడు. దొంగ బిల్లు వచ్చినందుకు ఆడిటర్ని ఎవరూ తప్పు పట్టరు. పాస్ చేసి సంతకం పెడితే తప్పు పడతారు. మనసు కూడా అలాగే బిల్లులు పంపిస్తుంటుంది. "ఇక్కడుంటే చస్తావు", "వాడు నిన్ను అవమానించాడు", "అంతా అయిపోయింది". బిల్లు చాలా అర్జెంటు అని పైన ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. అర్జెంటు అని రాసిన బిల్లునే ఎక్కువ జాగ్రత్తగా చూడాలని నాకు సర్వీసులో మొదటి ఏడాదే తెలిసింది. సొంత మనసు విషయంలో తెలియటానికి చాలా ఏళ్ళు పట్టింది.

సరే, నా 1994 బిల్లుని ఇప్పుడు తీసి ఆడిట్ చేద్దాం.

గుండె దడ, నోరు ఎండిపోవటం, ఇవి మొదటి కదలికలు. వీటిలో నా తప్పు లేదు. "ఇక్కడుంటే చస్తావు" అన్నది బిల్లు. దానికి వోచర్లు ఏమున్నాయి? ఊళ్ళో కొందరు చనిపోయారు, మా వీధిలో ఎవరూ చనిపోలేదు. పక్క గదిలో ఒకరికి జ్వరం ఉంది. నేను అతని గదిలోకి పోలేదు. ఇవీ వాస్తవాలు. మార్కస్ ఆరేలియస్ తనకోసం రాసుకున్న నోటుపుస్తకంలో ఈ అభ్యాసం చాలాసార్లు చేస్తాడు. ఒక వస్తువును దాని మీది రంగూ పొంగూ తీసేసి, ఉన్నదున్నట్టుగా పేరుపెట్టి చెప్పుకోవటం. నేను ఆ పని చేసి ఉంటే వాక్యం ఇలా ఉండేది: "అంటువ్యాధి ఉంది, మందు ఉంది, మొదటి రోజే మందు పడాలి, నాకు అంటి ఉంటే నాలుగు రోజుల్లో తెలుస్తుంది." ఈ వాక్యంలోంచి పారిపోవాలని రాదు. నాకు అంటి ఉండే అవకాశం ఉంటే, జనంతో కిక్కిరిసిన రైలు పెట్టెలో కూర్చోవటం, అరవై దాటిన తల్లి దగ్గర పడుకోవటం అన్నిటికన్నా చెడ్డ పని. నాకు అంటలేదనుకుంటే, పారిపోవలసినంత తొందర లేదు. ఎటు చూసినా ఆ సంతకం చెల్లదు.

ఒక మాట ఒప్పుకోవాలి. సూరత్ వదిలిపోయిన లక్షల మందినీ నేను ఈ కాటాలో తూచటం లేదు. పని మూతపడి, పూట గడవక, భాష రాని ఊళ్ళో చస్తే ముట్టుకునేవాడు ఉండడని పోయిన కూలీల లెక్క వేరు. నేను నెల జీతగాణ్ణి. నా లెక్కే చెబుతున్నాను.

ఇక రెండు పనులు పూర్తిగా నా చేతిలో ఉండి నేను చెడగొట్టినవి. ఒకటి, ఎనిమిది స్ట్రిప్పులు కొనటం. రెండోది, "పుణె నుంచి వచ్చాను" అన్న అబద్ధం. ప్లేగు రావటం, రాకపోవటం నా చేతిలో లేదు. నిజం చెప్పటం వంద శాతం నా చేతిలో ఉంది. నేను చేతిలో లేనిదాని గురించి వణుకుతూ, చేతిలో ఉన్నదాన్ని జారవిడుచుకున్నాను. చేతిపుస్తకం మొదటి పేజీలో ఆయన హెచ్చరించింది సరిగ్గా ఇదే.

బావ ఏం చేశాడో తరువాత తెలిసింది. ఆ గంజాం కుర్రాణ్ణి తోపుడు బండి మీద పడుకోబెట్టి, నోటికి తువ్వాలు కట్టుకుని, పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కని ఆ నాలుగు రోజులూ దగ్గరకు రానివ్వకుండా తాను కార్ఖానాలో పడుకున్నాడు. ఆ కుర్రాడికి తేలింది మలేరియా. సూరత్‌లో ఆ రోజుల్లో వానాకాలం మలేరియా మామూలే.

చాలా ఏళ్ళ తరువాత, నేను రిటైరయి కొడుకు దగ్గర ఉండటానికి సూరత్ వచ్చాక, ఒక సాయంత్రం బావని అడిగాను. "మీకు భయమెయ్యలేదా బావా?" అని. "ఎయ్యకేం? బండి దొబ్బుతుంటె కాళ్ళు వణికినయ్. వాడు నా దిక్కు తిరిగి దగ్గినప్పుడల్లా పానం పోయినట్టయింది" అన్నాడు. "మరి అది ప్లేగే అయ్యుంటే?" అన్నాను. "అయితె ఏంది? అయినా తీస్కపోవాల్నేగద" అన్నాడు. ఎపిక్టెటస్ పేరు ఆయన విని ఉండడు. ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాడు కూడా. ఈ విషయంలో నా హేతువాదం ఆయన భక్తికన్నా ఏమంత మెరుగ్గా పనిచేయలేదని ఒప్పుకోవటానికి నాకు నామోషీ లేదు.

ఆయన జవాబులో స్టోయిక్కుల రెండో ముఖ్య విషయం ఉంది. పని సరైనదా కాదా అన్నది ఫలితాన్ని బట్టి తేలదు. సిసెరో తన పుస్తకంలో కేటో అనే స్టోయిక్ చేత విలుకాడి పోలిక చెప్పిస్తాడు. గురి చూసి, బిగించి, సక్రమంగా వదలటం వరకే విలుకాడి పని. వదిలాక గాలి వీస్తే బాణం తప్పవచ్చు. గురి తగలటం మంచిదే, దానికోసమే వేస్తాడు, కానీ మంచి విలుకాడా కాదా అన్నది వదలటంతోనే తేలిపోయింది. ఆ కుర్రాడికి మలేరియా కాబట్టి బావ చేసింది ఒప్పయింది అనకూడదు. నాకూ అమ్మకీ ఏమీ రాలేదు కాబట్టి నేను చేసింది ఫర్వాలేదనీ అనకూడదు.

ఇక్కడ ఎవరో అంటారు, "ఇది గీతలో ఉన్నదే కదా" అని. కొంత పోలిక ఉంది, కాదనను. ఒక తేడా మాత్రం మనకు ముఖ్యం. స్టోయిక్కు నీ పని ఏమిటో పుట్టుక చెప్పదు. నువ్వు ఇప్పుడు ఎవరికి ఏమవుతావో దాన్ని బట్టి, బుద్ధితో పరిశీలించి తేల్చుకోవాలి. తమ్ముడివి, పొరుగువాడివి, డాక్టరువి, మున్సిపల్ అధికారివి. అన్నిటికన్నా ముందు మనిషివి. చక్రవర్తికీ బానిసకీ ఒకే బడి.

"తలరాత" వాదం సంగతి కూడా చూద్దాం. ప్లేగు రోజుల్లో లింబాయత్‌లో ఆ మాట చాలా వినిపించింది. "రాసిపెట్టి ఉంటే పోతాం, లేకపోతే లేదు, డాక్టరెందుకు?" అని. తమాషా ఏమిటంటే ఈ వాదం రెండు వేల ఏళ్ళ కిందటే గ్రీకుల్లో ఉంది. దానికి "సోమరి వాదం" అని పేరు కూడా పెట్టారు. నీకు జబ్బు నయమవుతుందని రాసి ఉంటే డాక్టర్ని పిలిచినా పిలవకపోయినా నయమవుతుంది. నయం కాదని రాసి ఉంటే ఎలాగూ కాదు. కాబట్టి పిలవటం దండగ. క్రీ.పూ. 3వ శతాబ్దపు స్టోయిక్ క్రిసిప్పస్ దీనికి చెప్పిన జవాబు ఏమిటంటే, నయం కావటం ఒంటరిగా జరిగే సంఘటన కాదు, డాక్టర్ని పిలవటం దాని కారణాల్లో ఒకటి. కారణాన్ని తీసేసి కార్యాన్ని ఉంచలేవు. స్టోయిక్కులు విధిని నమ్మినవాళ్ళే. కానీ వాళ్ళ విధి అంటే కార్యకారణాల గొలుసు, నుదుటి మీద గీత కాదు. ఆ గొలుసులో మనం చేసే పని కూడా ఒక కడియే.

అది మాటవరస కాదనటానికి ఈ ఊరే రుజువు. 1995లో సూర్యదేవర రామచంద్రరావు గారు సూరత్ మున్సిపల్ కమిషనరుగా వచ్చారు. నగరాన్ని జోన్లుగా విడగొట్టి, అధికారులను రోజూ పొద్దున గదుల్లోంచి వీధుల్లోకి పంపించారు. చెత్త ఎత్తించటం, మురుగు తీయించటం, బస్తీలకు కాలవలు, రోడ్లు, ఇదంతా ఏడాదిన్నర రెండేళ్ళ పని. అంతకుముందు దేశంలో మురికి ఊళ్ళలో ఒకటిగా పేరుపడ్డది శుభ్రమైన ఊళ్ళ జాబితాలో ముందు వరసకి వచ్చింది. "నా చేతిలో లేదు" అనటానికి ముందు ఎవరి చేతిలో ఉందో చూడాలి. చెత్తకుప్ప మగ్గం కూలీ చేతిలో లేకపోవచ్చు. కమిషనరు చేతిలో ఉంది. ఓటు వేసి, అర్జీ పెట్టి అడిగేవాడి చేతిలో కొంత ఉంది. ఎపిక్టెటస్ గీసిన గీతని బద్ధకానికి వాడుకునేవాళ్ళు ఈ మెట్టు దాటేస్తారు.

నాకు రెండో పరీక్ష 2021 ఏప్రిల్‌లో వచ్చింది. కోవిడ్ రెండో అల. సూరత్‌లో శ్మశానాలు రాత్రీ పగలూ మండుతున్నాయి. మా ఆవిడకి ఆక్సిజన్ 90కి పడిపోయి ఆస్పత్రిలో చేర్చాం. డ్యూటీ డాక్టరు చీటీ మీద రెమ్‌డెసివిర్ ఆరు వయల్స్ అని రాసిచ్చాడు. బయట షాపుల్లో లేదు. క్యూలో నిలబడితే ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకతను ఫోన్ చేశాడు, ఉన్న ధరకి చాలా రెట్లు ఇస్తే గంటలో తెస్తానన్నాడు.

నా మనసు పంపిన బిల్లు "ఇది లేకపోతే ఆమె పోతుంది" అని. చేతులు వణికాయి. 1994 గుర్తొచ్చింది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని, జేబులోని కాగితం వెనక వాస్తవాలు మాత్రం రాసుకున్నాను. ఆక్సిజన్ 90, గొట్టం పెడితే 95. స్టెరాయిడ్ ఇస్తున్నారు. చీటీ మీద ఒక ఇంజెక్షన్ పేరు ఉంది. అప్పటికి ప్రచురితమైన పరీక్షల్లో స్టెరాయిడ్ వల్ల ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో మరణాలు తగ్గాయని తేలింది. రెమ్‌డెసివిర్ వల్ల మరణాలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో తేలలేదు. 2020 నవంబరులో ఆ సంస్థ దాన్ని సిఫార్సు చేయటం లేదని కూడా ప్రకటించింది. ఇంత రాశాక "లేకపోతే ఆమె పోతుంది" అన్న బిల్లుకి వోచరు లేదని తేలింది. పెద్ద డాక్టరు రౌండుకి వచ్చేదాకా ఆగి, నేరుగా అడిగాను. "దొరికితే ఇద్దాం, దొరక్కపోతే ఆగిపోదు, స్టెరాయిడూ ఆక్సిజనూ అసలు సంగతి" అన్నాడాయన. నేను క్యూలో పేరు రాయించి, ఫోన్ చేసినవాడికి వద్దని చెప్పాను. కొడుకు నామీద అరిచాడు. అది కూడా ఒక బిల్లే, పాస్ చేయలేదు. వాడి భయం వాడిది, సహజం.

అడ్డుపుల్ల ఎక్కడ పడుతుందో చెప్పటం మేలు. మనసు మెదిలిన క్షణానికీ సంతకం పెట్టే క్షణానికీ మధ్య ఖాళీ చాలా చిన్నది. అందులో తర్కం నడిపే తీరిక ఉండదు. అందుకే నాకు పనికొచ్చింది ఆలోచన కన్నా ఆలస్యం. సెనెకా కోపానికి చెప్పిన మందు కూడా ఆలస్యమే. కాగితం మీద రాయటం వల్ల ఆ పది నిమిషాలు దొరికాయి. సంతకం అప్పటికే పడిపోయిందని తెలుసుకోవటానికి ఒక గుర్తు ఉంది. మనం కారణాలు వెతుక్కోవటం మొదలుపెడతాం. "అక్కకి రెండు స్ట్రిప్పులు చాలు", "అందరూ పోతున్నారు", "వాడు మనకేమవుతాడు". ఇవి ముందు నిర్ణయం అయిపోయి, తరువాత ఫైలులో చేర్చిన కాగితాలు. ఆఫీసులో వీటిని తారీఖు వెనక్కి వేసిన నోట్లు అనేవాళ్ళం.

మా ఆవిడ పంతొమ్మిది రోజులకి ఇంటికి వచ్చింది. క్యూలో మా వంతు వచ్చేసరికి ఆమెకి ఆ మందు అవసరం తీరిపోయింది. పైన విలుకాడి గురించి అంత చెప్పాను కాబట్టి ఇది నా పక్షాన సాక్ష్యం కాదు. ఆమె పోయి ఉన్నా నేను చేసిన పని అంతే సరైనది. అయితే ఆమె పోయి ఉంటే ఈ వాక్యం ఇంత తేలిగ్గా రాయగలిగేవాణ్ణా? రాయలేను. కొడుకు నన్ను క్షమించేవాడా? చెప్పలేను.

ఈ తత్వానికి నేను అక్షరాలా లొంగలేని చోట్లు ఇక్కడే మొదలవుతాయి. బిడ్డని ముద్దు పెట్టుకునేటప్పుడు వీడు చనిపోయే మనిషేనని గుర్తుచేసుకో అంటాడు ఎపిక్టెటస్. దుఃఖాన్ని తీర్పు పొరపాటుగా లెక్కగట్టటం నాకు మింగుడుపడదు. ఆ మెట్ల మీద నాతోపాటు కూర్చుని ఏడ్చిన మనిషి ఏ పొరపాటూ చేయలేదు. పైగా ప్రపంచమంతా ఒక మంచి బుద్ధి నడుపుతోందనీ, జరిగేదంతా మొత్తం మీద మేలుకేననీ స్టోయిక్కులు నమ్మారు. శకునాలను, జోస్యాలను సమర్థించినవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉన్నారు. హేతువాదులు ఇది దాచిపెట్టి స్టోయిక్కులను మనవాళ్ళుగా కలిపేసుకోకూడదు. ఆ పునాది తీసేస్తే "జరిగింది మేలుకే" అన్న ఓదార్పు పోతుంది. సమ్మతిని ఆపి పరిశీలించటం మాత్రం నిలబడుతుంది. ఎందుకంటే అది దేవుడి మీద కాదు, మనసు పనిచేసే తీరు మీద ఆధారపడింది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే నాస్తిక మనస్తత్వవేత్త 1950లలో తన చికిత్సా పద్ధతిని కట్టింది ఎపిక్టెటస్ మాట మీదేనని తానే చెప్పుకున్నాడు.

ఇంకొక ప్రమాదం. ఈ మాటల్ని తనకి తాను చెప్పుకోవాలి, ఎదుటివాడికి చెప్పకూడదు. కూలి బాకీపడ్డ మగ్గం కార్మికుడితో యజమాని "నీ స్పందన నీ చేతిలో ఉంది నాయనా" అంటే అది స్టోయిక్ తత్వం కాదు, ఎగవేత. ఆ యజమానికి స్టోయిక్ ప్రశ్న వేరే ఉంది. కూలి ఇవ్వటం ఎవరి చేతిలో ఉంది?

అమ్మ 2009లో పోయింది. పుణె నుంచి వచ్చానన్నది అబద్ధమని ఆమెకి చివరిదాకా చెప్పలేదు. అక్కకి మాత్రం ఆ ఆరు స్ట్రిప్పుల సంగతి పోయిన ఏడు చెప్పాను. "తెలుసురా, నువ్వు బ్యాగు సర్దుతుంటె చూసిన" అంది. ముప్పై ఏళ్ళు ఆ మాట మనసులో పెట్టుకుని, ప్రతి రాఖీకి నన్ను పిలిచి అన్నం పెట్టింది.